వాడని గిఫ్ట్ కార్డు డబ్బు ఎప్పుడు ఆదాయమవుతుంది?

"సార్, నేను హనుమకొండలో ఒక బట్టల షోరూమ్‌లో అకౌంట్స్ చూస్తా. మాది చైన్, కంపెనీకి ఇండ్ ఏఎస్ వర్తిస్తది. దసరాకు ఏటా గిఫ్ట్ కార్డులు అమ్ముతం, గడువు ఏడాది. కొందరు అసలు వాడనే వాడరు. ఆ డబ్బు ఎప్పుడు ఆదాయం అయితది? ఈ ఏడు కొత్తగా బిల్లు మీద పాయింట్లు ఇచ్చుడు కూడా పెట్టినం, వాటి సంగతి ఏంది?"

నమస్కారం అండీ. ముందు కార్డుల సంగతి చూద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది.

మీ బ్రాంచ్‌లో బతుకమ్మ, దసరా రోజుల్లో వెయ్యి రూపాయల కార్డులు 200 అమ్ముడుపోయాయి అనుకుందాం. చేతికి 2,00,000 వచ్చింది. కానీ ఆ రోజు మీ రాక్‌లోంచి ఒక్క చీర కూడా కదల్లేదు. కాబట్టి అది అమ్మకం కాదు, కస్టమర్‌కు మీరు పడ్డ బాకీ. బ్యాంక్ డెబిట్, గిఫ్ట్ కార్డ్ లయబిలిటీ క్రెడిట్. ఆదాయాన్ని ఎప్పుడు, ఎంత చూపాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 115లో దీన్ని కాంట్రాక్ట్ లయబిలిటీ అంటారు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో గిఫ్ట్ కార్డును కూడా ఒక ఐటమ్‌గా క్రియేట్ చేసేస్తారు. కార్డు అమ్మగానే అది సేల్స్‌లో పడుతుంది. తర్వాత ఆ కార్డుతో చీర కొన్నప్పుడు చీర బిల్లు కూడా సేల్స్‌లో పడుతుంది. ఒకే డబ్బు రెండుసార్లు ఆదాయమైపోతుంది. అక్టోబర్ సేల్స్ పెరిగినా అమ్మిన సరుకు ఖరీదు దానికి తగ్గట్టు పెరగకపోతే, గ్రాస్ మార్జిన్ ఉన్నట్టుండి ఎగిరితే, మొదట ఈ ఐటమ్ మాస్టర్‌ను తెరిచి చూడండి. కార్డు అనేది పేమెంట్ మోడ్‌గా ఉండాలి, క్యాష్, యూపీఐ లాగా. సరుకు లిస్ట్‌లో ఉండకూడదు.

జీఎస్టీ కూడా ఇదే దారిలో నడుస్తుంది. వోచర్ అమ్మడం దానంతటదే సరుకు సరఫరా కాదు, సేవ కాదు అని 2024 డిసెంబర్ 31న వచ్చిన 243 నంబర్ సర్క్యులర్ తేల్చింది. ఎవరూ వాడకుండా మిగిలిపోయిన మొత్తం మీద కూడా జీఎస్టీ లేదని అందులోనే ఉంది. పన్ను పడేది చీర చేతికిచ్చిన రోజు. 1,050 రూపాయల బిల్లుకు కార్డు గీకితే అందులో వెయ్యి ఆదాయం, యాభై పన్ను. ఇకపై చెప్పే లెక్కల్లో జీఎస్టీ పక్కన పెడుతున్నాను, లేకపోతే అసలు విషయం కనబడదు.

ఇప్పుడు వాడకుండా మిగిలేదాని గురించి. దీన్ని బ్రేకేజ్ అంటారు. గడువు తీరే రోజు దాకా ఆగి మొత్తం ఒకేసారి ఆదాయంలో వేయాలని చాలామంది అనుకుంటారు. మీ దగ్గర నమ్మదగిన పాత లెక్క ఉంటే అలా కాదు. కస్టమర్లు కార్డులు వాడుతున్న కొద్దీ, అదే నిష్పత్తిలో బ్రేకేజ్‌ను కూడా ఆదాయంగా చూపుతూ పోవాలి.

గత దసరాల కార్డులు తీసి చూస్తే నూటికి పది రూపాయలు ఎప్పుడూ తిరిగి రాలేదు అనుకోండి. అంటే 2,00,000లో 20,000 మిగిలిపోతుంది, 1,80,000 వాడతారు. మాఘమాసం పెళ్లిళ్లు అయ్యి, మార్చి 31 నాటికి 90,000 వాడేశారు. వాడతారనుకున్న దాంట్లో అది సగం. కాబట్టి బ్రేకేజ్‌లో కూడా సగం, 10,000, ఈ ఏడాది ఆదాయమే. మొత్తం ఆదాయం 1,00,000, లయబిలిటీలో మిగిలింది 1,00,000.

ఇక్కడే ఆడిట్ టైమ్‌లో టెన్షన్ మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కార్డుల బ్యాలెన్స్ రిపోర్ట్ తీస్తే 1,10,000 చూపిస్తుంది, ఎందుకంటే దానికి తెలిసింది గీకిన 90,000 మాత్రమే. లెడ్జర్‌లో 1,00,000 ఉంది. తేడా 10,000. దయచేసి దాన్ని తప్పు అనుకుని సరిచేయకండి. అది మీరు చూపిన బ్రేకేజే. రెండింటి మధ్య రికన్సిలియేషన్ ఒక పేజీ రాసి పెట్టుకోండి. తేడా బ్రేకేజ్‌తో సరిపోతే లెక్క బాగున్నట్టు, సరిపోకపోతే ఏదో ఒక కార్డు సేల్స్‌లోకి దూరినట్టు.

ఇప్పుడు మన ఊళ్ల పద్ధతి ఒకటి మాట్లాడాలి. గడువు దాటిన కార్డు పట్టుకుని పాత కస్టమర్ వస్తే, "మనోళ్లే కదా, తీసుకో" అని కౌంటర్‌లో ఓనర్ అనేస్తారు. మర్యాద కోసం చేసే పని, నాకూ నచ్చుతుంది. కానీ అది అలవాటుగా మారితే కార్డు మీద రాసిన గడువుకు అర్థం లేదు. కస్టమర్ ఆశను రాతలో ఉన్నది ఒక్కటే కాదు, వ్యాపారంలో నడిచే ఆనవాయితీ కూడా నిర్ణయిస్తుందని ఇండ్ ఏఎస్ 115 చెబుతుంది. అలా తీసుకున్న కార్డులు కలిపితే, చివరికి రాకుండా పోయేది నూటికి పది కాదు, నాలుగే అని తేలిందనుకోండి. బ్రేకేజ్ మొత్తం 8,000, వాడతారనుకునేది 1,92,000. అదే 90,000 వాడకానికి ఈ ఏడాది చూపాల్సిన బ్రేకేజ్ 3,750 మాత్రమే. 10,000 చూపడం ఎక్కువ. అందుకే గడువు దాటాక తీసుకున్న ప్రతి కార్డునూ విడిగా గుర్తు పెట్టండి, ఆ లిస్ట్ లేకుండా పది శాతం అనే మాటకు ఆధారం లేదు.

ఇక పాయింట్లు. ఇక్కడ దారి వేరు. చీర అమ్మినప్పుడే చీరతో పాటు రాబోయే తగ్గింపు హక్కు కూడా అమ్మినట్టు లెక్క. ఆ బిల్లు డబ్బును రెండింటికీ పంచాలి. 10,10,000 సేల్స్ మీద వందకు ఒక పాయింట్ చొప్పున 10,100 పాయింట్లు ఇచ్చారు, పాయింట్ విలువ రూపాయి. స్కీమ్ ఈ ఏడాదే మొదలైంది, ఎంతమంది వాడతారో చెప్పే చరిత్ర మీకు లేదు. కాబట్టి అందరూ వాడతారనే పట్టండి. సరుకు విలువ 10,10,000, పాయింట్ల విలువ 10,100. ఈ నిష్పత్తిలో పంచితే సరుకుకు 10,00,000, పాయింట్లకు 10,000 వస్తుంది. ఆ 10,000 ఇప్పుడు ఆదాయం కాదు, లయబిలిటీలో కూర్చుంటుంది.

తర్వాతి ఏడాదికి మీకు డేటా వస్తుంది. చివరికి 8,080 పాయింట్లే వాడతారు, అప్పటికి 4,040 వాడేశారు అని తేలితే, సగం అయింది కనుక 10,000లో సగం, 5,000 ఆదాయం. మొదట పంచిన 10,000ను మళ్లీ ముట్టుకోకూడదు, మారేది దాన్ని విడుదల చేసే వేగమే. పాయింట్లకు బ్రేకేజ్ ఎంట్రీ విడిగా ఉండదు, ఈ లెక్కలోనే కలిసిపోయి ఉంటుంది.

వరంగల్ జేపీఎన్ రోడ్డులో చిన్న షాపు నడిపేవాళ్లు కూడా ఇది చూస్తుంటారు కాబట్టి ఒక మాట. మీకు ఇండ్ ఏఎస్ వర్తించకపోతే ఆదాయం గురించే ఉన్న పాత ప్రమాణం ఏఎస్ 9 చూడాలి. సరుకు ఇచ్చేదాకా కార్డు డబ్బు అడ్వాన్సే అన్నది అక్కడా మారదు. వాడకంతో పాటు బ్రేకేజ్ చూపే పద్ధతి మాత్రం అందులో రాసి లేదు, కనుక మీరు గడువు నిజంగా తీరేదాకా ఆగడమే నా సలహా. పాయింట్లకైతే, వాటిని తీర్చడానికి అయ్యే ఖర్చుకు ప్రొవిజన్ పెట్టించడం ఆడిటర్లలో చాలామందికి అలవాటు. మార్చి రాకముందే మీ ఆడిటర్‌తో కూర్చుని ఆ లెక్క తేల్చుకోండి.