స్కాన్ చేసిన బ్రోషర్‌లో పాత లోగో తీసి కొత్తది పెట్టడం: లైన్ తప్పకుండా

(తెర మీద: కొత్తవాడ జంపఖానాల కంపెనీ పాత బ్రోషర్. పైన ఎడమ మూలన గుండ్రటి లోగో, పక్కన కంపెనీ పేరు, కింద అడ్రస్.)

ఈ బ్రోషర్‌కు ఒరిజినల్ ఫైల్ లేదు, కాగితం ఒక్కటే మిగిలింది. ఓనర్ కొత్త లోగో చేయించుకున్నారు, బ్రోషర్‌లో అది మార్చాలి. మిగతా అక్షరం ఒక్కటి కూడా కదలకూడదు. ఈ పని ఫొటోషాప్‌లో చేద్దాం.

ముందు లోగోను పీడీఎఫ్‌గానో ఎస్‌వీజీగానో అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోతో మొదలుపెడితే అంచులు పగిలిపోతాయి, వెనక తెల్ల డబ్బా కూడా వస్తుంది. బ్రోషర్‌ను 300 డీపీఐలో స్కాన్ చేయండి. ఏ4 కాగితం అయితే 2480 బై 3508 పిక్సెల్స్ వస్తుంది.

(తెర మీద: స్కాన్, అడ్రస్ లైన్ కింద గీసిన రూలర్ గీత.)

మొదటి పని వంకర తీయడం. చాలామంది కాగితం అంచును చూసి సరిచేస్తారు. అది తప్పు, ఎందుకంటే ప్రెస్సులో కటింగ్ కొద్దిగా వంకర పోయి ఉండొచ్చు. అచ్చు అయిన అక్షరాల లైన్‌నే నమ్మాలి. Ruler Tool తీసుకుని పొడుగ్గా ఉన్న అడ్రస్ లైన్‌కు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, అక్షరాల అడుగున గీయండి. పైన Straighten Layer నొక్కండి. ఈ స్కాన్‌లో వంకర 0.7 డిగ్రీలే. కంటికి ఆనదు, కానీ 1800 పిక్సెల్స్ పొడుగున్న లైన్‌లో ఒక చివర ఇంకో చివర కన్నా 22 పిక్సెల్స్ కిందికి దిగి ఉంటుంది. దాని పక్కన నిటారుగా ఉన్న లోగో పెడితే లోగోయే వంగినట్టు కనిపిస్తుంది. ఈ తిప్పడం ఒక్కసారే చేయండి. తిప్పిన ప్రతిసారీ అక్షరాలు కొంచెం మసకబారతాయి.

(తెర మీద: నీలం గైడ్ గీతలు, పాత లోగో చుట్టూ.)

ఇప్పుడు పాత లోగోను చెరపకముందే కొలవాలి. చెరిపాక కొలతకు ఆధారం ఉండదు. ఇందులో లోగో ఎడమ అంచు 236 దగ్గర, కుడి అంచు 590 దగ్గర ఉన్నాయి. నిలువుగా నడిమధ్య 413. కింద అడ్రస్ మాత్రం 242 దగ్గర మొదలవుతోంది. అంటే గుండ్రటి లోగో ఆరు పిక్సెల్స్, సుమారు అర మిల్లీమీటరు, బయటికి వచ్చి ఉంది. ఇది పొరపాటు కాదు. గుండ్రటి ఆకారం అంచును ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది కాబట్టి కొంచెం బయటికి పెడితేనే కంటికి లైన్‌లో ఉన్నట్టుంటుంది.

కొత్త లోగో మూడుకు రెండు వంతుల డబ్బా, దాని అంచు తిన్నగా ఉంది. దాన్నీ 236 దగ్గరే పెడితే అడ్రస్ కన్నా ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. కాబట్టి ఎడమ గైడ్ 242కి మార్చండి. కుడి వైపు 590 అలాగే ఉంచండి, కంపెనీ పేరుకూ లోగోకూ మధ్య ఖాళీ మారకూడదు. వెడల్పు 348 వచ్చింది, ఎత్తు 232 అవుతుంది. పాత ఎత్తే కావాలని సాగదీస్తే లోగో పేరు మీదికి ఎక్కుతుంది.

(తెర మీద: పాత లోగో మీద క్లోన్ స్టాంప్.)

చెరపడానికి కొత్త లేయర్ తీసుకోండి. ఒకే రంగు నింపొద్దు. స్కాన్‌లో కాగితం అచ్చమైన తెలుపు కాదు, పైగా ఎడమ నుంచి కుడికి వెలుగు కొద్దికొద్దిగా మారుతుంది. క్లోన్ స్టాంప్‌కు Current & Below పెట్టి, లోగోకు దగ్గరలోనే ఉన్న ఖాళీ కాగితం నుంచి మెత్తటి బ్రష్‌తో తీసుకోండి. అయ్యాక పైన ఒక Levels లేయర్ వేసి నల్ల స్లైడర్‌ను 200 దాకా జరపండి. అతుకు ఉంటే మచ్చలా తేలుతుంది. సరిచేసి ఆ లేయర్ తీసేయండి.

(తెర మీద: కొత్త లోగో దిగుతోంది.)

File మెనూలో Place Embedded. పీడీఎఫ్ అయితే Crop To దగ్గర Bounding Box ఎంచుకోండి. లేదంటే లోగో చుట్టూ ఉన్న ఖాళీ కూడా కొలతలోకి వస్తుంది, గైడ్‌కు అతికించినా లోగో లోపలికి జరిగి కనిపిస్తుంది. రిఫరెన్స్ పాయింట్‌ను ఎడమ అంచు మధ్యలో పెట్టి, X 242 px, Y 413 px, గొలుసు గుర్తు వేసి W 348 px టైప్ చేయండి.

చోటు కుదిరింది, కానీ లోగో ఇంకా అతికించినట్టే ఉంటుంది. చుట్టూ అక్షరాలు స్కాన్‌లో మెత్తబడ్డాయి, ఇదొక్కటే పదునుగా ఉంది. Gaussian Blur 0.7, ఆ తర్వాత Add Noise 1.5 శాతం, Monochromatic టిక్ పెట్టండి. 100 శాతం జూమ్‌లో పక్క అక్షరాల అంచుతో పోల్చి చూస్తూ తగ్గించండి, పెంచండి. నలుపు కూడా స్కాన్ అక్షరాల నలుపుతో కలవాలి. ఐడ్రాపర్‌తో చూస్తే అది ముదురు బూడిద రంగు అని తెలుస్తుంది.

కాపీలు వేలల్లో ఆఫ్‌సెట్‌కు పోతుంటే ఈ పద్ధతి సరిపోదు. స్కాన్‌లోని చిన్న అక్షరాలు నాలుగు రంగుల్లో పడి మసకగా వస్తాయి, వాటిని మళ్లీ టైప్ చేయించాలి. వాట్సాప్‌కూ, కొద్ది డిజిటల్ ప్రింట్లకూ ఇది చాలు.

ప్రింట్ ఇచ్చే ముందు Actual Sizeలో ఒక కాపీ తీసి, పాత బ్రోషర్ మీద పెట్టి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టి చూడండి. అడ్రస్ లైన్లు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ఒక చివర కలిసి ఇంకో చివర జరిగితే వంకర సరిగ్గా పోలేదు. లైన్లన్నీ కలిసి లోగో ఒక్కటే తేడాగా ఉంటే X, Y అంకెలు మళ్లీ చూసుకోండి.