మేనమామ అంకుల్ కాదు, వదిన సిస్టర్ ఇన్ లా కాదు: అసలు లెక్క ఎక్కడుంది?

“మేనమామ, వదిన లాంటి మాటలకి ఇంగ్లీషులో ఒక్క మాట ఎందుకు లేదు? అంకుల్ అనో, సిస్టర్ ఇన్ లా అనో సరిపెట్టుకోవచ్చు కదా?”

సరిపెట్టుకోలేమండీ. ఇంగ్లీషు మాట ఆ మనిషి మీకు ఎంత దగ్గరో చెప్తుంది. తెలుగు మాట ఆ మనిషి ఇంటితో మీ ఇంటికి వియ్యం కుదురుతుందో లేదో చెప్తుంది. దీన్నే మనం వరస అంటాం. పెళ్లిలో ముక్కూ మొహం తెలియని చుట్టం కనపడితే పెద్దవాళ్లు మొట్టమొదట అడిగేది “మనకి ఏం వరసవుతారు?” అనే కదా. వాళ్లు అడిగేది ఈ లెక్కే.

లెక్కలో సూత్రం ఒక్కటే. అన్నదమ్ములంతా ఒక జట్టు, అక్కచెల్లెళ్లంతా ఒక జట్టు. నాన్న అన్నదమ్ములు నాన్నలే, అందుకే పెదనాన్న, చిన్నాన్న. అమ్మ అక్కచెల్లెళ్లు అమ్మలే, అందుకే పెద్దమ్మ, చిన్నమ్మ. కొన్నిచోట్ల చిన్నాన్నని బాబాయి అంటారు, కొన్నిచోట్ల కాక అంటారు. చిన్నమ్మని పిన్ని అంటారు. పిలుపు మారినా జట్టు మారదు. వాళ్ల పిల్లలు మీకు అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. కజిన్ అనే మాట ఇక్కడ అవసరమే లేదు.

అదే అన్నాచెల్లెళ్ల దగ్గరికొస్తే జట్టు విడిపోతుంది. అమ్మకి తోడబుట్టినవాడు మేనమామ, నాన్నకి తోడబుట్టినది మేనత్త. వీళ్ల పిల్లలు మీకు తోబుట్టువులు కారు. మీకంటే పెద్దయితే బావ, వదిన. చిన్నయితే బావమరిది, మరదలు. అమ్మాయికైతే తనకంటే చిన్నవాడైన మేనమామ కొడుకు మరిది. ఇక్కడ పెళ్లి కుదిరితే అదే మేనరికం.

ఇప్పుడు మామ అనే మాటని దగ్గరగా చూడండి. అమ్మ అన్నదమ్ముడు మామ. మేనత్త భర్త మామ. పెళ్లయ్యాక భర్త తండ్రి, భార్య తండ్రి కూడా మామే. ఇంగ్లీషులో మొదటి ఇద్దరూ అంకుల్స్, మూడోవాడు ఫాదర్ ఇన్ లా. మన లెక్కలో ముగ్గురూ ఒకే చోట ఉన్నారు. మేనమామ కూతురిని చేసుకుంటే ఆయనే పిల్లనిచ్చిన మామ అవుతాడు, పిలుపు మార్చుకోవాల్సిన పనే లేదు. కాబట్టి మదర్స్ బ్రదర్ అని విడమర్చి చెప్పినా మామ అనే మాటలో మూడో వంతే చెప్పినట్టు.

ఇంగ్లీషులో ఎప్పుడూ లేదని మాత్రం అనుకోకండి. పాత ఇంగ్లీషులో మేనమామకి, నాన్న అన్నదమ్ములకి, మేనత్తకి, పిన్నికి నాలుగు వేర్వేరు మాటలుండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచి మాటలు దిగాయి, అంకుల్, ఆంట్ వాటిని క్రమంగా తోసేశాయి. అన్నిటికంటే ఆశ్చర్యం అంకుల్ మాటదే. దాని మూలం లాటిన్‌లో అవుంకులుస్, అంటే అచ్చంగా అమ్మ అన్నదమ్ముడు. నాన్న అన్నదమ్ముడికి లాటిన్‌లో వేరే మాట ఉండేది. మేనమామ మాటే ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి అందరికీ అంటుకుపోయింది.

ఇక వదిన. అన్న భార్య వదిన. మేనమామ కూతురో మేనత్త కూతురో మీకంటే పెద్దదైతే వదిన. ఆడవాళ్లకి భర్త అక్క వదిన. చాలా ఇళ్లలో మగవాళ్లు భార్య అక్కని కూడా వదినే అంటారు. వీళ్లందరికీ ఒకే మాట ఎలా కుదిరింది? అన్న మేనరికం చేసుకున్నాడనుకోండి. మీకంటే పెద్దదైన మేనమామ కూతురు ముందే మీకు వదిన, రేపు అన్న భార్యగా వచ్చినా వదినే. బయటి సంబంధం చేసుకున్నా, వచ్చిన అమ్మాయిని ఆ స్థానంలోనే కూర్చోబెడతాం. మన ఇళ్లలో వదినని తల్లిలా చూస్తారు, అది వేరే సంగతి. మాట మాత్రం ఆవిడ మన జట్టు కాదు, వియ్యపువైపు మనిషి అని చెప్తుంది.

సిస్టర్ ఇన్ లా సరిగ్గా దీనికి ఎదురు. అందులో లా అంటే క్రైస్తవ మత చట్టం. పెళ్లితో భార్య చెల్లెలు నీకు చెల్లెలితో సమానమైంది, కాబట్టి ఆమెని పెళ్లాడకూడదు అని దాని భావం. భార్య చనిపోయినా సరే, ఆమె చెల్లెల్ని చేసుకోవడం 1907లో ప్రత్యేకంగా చట్టం చేసేవరకూ ఇంగ్లండ్‌లో చెల్లేది కాదు. మనకి భార్య చెల్లెలు మరదలు, వరసైన మనిషి. మరదలిని సిస్టర్ ఇన్ లా అని అనువదిస్తే, వరస కలిసిన మనిషిని వరస కలవని జట్టులో పడేసినట్టే. సినిమాల ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో బావామరదళ్ల సరసం వింతగా తోచేది ఇందుకే.

ఒక చిక్కు లెక్క చేద్దాం. పెళ్లిలో ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకాయన మీ అమ్మమ్మ చెల్లెలి కొడుకు, ఇంకొకాయన మీ అమ్మమ్మ తమ్ముడి కొడుకు. ఇంగ్లీషులో ఇద్దరూ అమ్మకి కజిన్లే, మీకు అంకుల్సే. ఇప్పుడు మన సూత్రం పెట్టండి. అమ్మమ్మ, ఆవిడ చెల్లెలు ఒక జట్టు, అంటే ఆ చెల్లెలి కొడుకు అమ్మకి అన్నో తమ్ముడో అవుతాడు. మీకు మామ. రెండో ఆయన తండ్రి అమ్మమ్మకి తమ్ముడు, అంటే మీ అమ్మకి మేనమామ. మేనమామ కొడుకు అమ్మకి బావ వరస. అమ్మకి బావ వరసైనవాడు మీకు నాన్న వరస. అంటే పెదనాన్నో, బాబాయో. మొదటాయన కూతురు మీకు వదినో మరదలో, రెండో ఆయన కూతురు అక్కో చెల్లో. ఒక్క మెట్టు దగ్గర తప్పితే చెల్లెలి వరస పిల్లకి సంబంధం అడిగేస్తారు. పొరపాటు పట్టుకోవడం తేలిక: ప్రతి మెట్టు దగ్గరా “వీళ్లిద్దరూ అన్నదమ్ములా, అక్కచెల్లెళ్లా, లేక అక్కాతమ్ముళ్లా?” అని ఆగి అడగాలి.

ఈ లెక్క రెండు దార్లలో రెండు జవాబులిచ్చే సందర్భం కూడా ఉంది. మీ మేనమామ మీ అక్కనే చేసుకున్నాడనుకోండి. అక్క వైపు నుంచి వస్తే ఆయన బావ, అమ్మ వైపు నుంచి వస్తే మామ. 1955 హిందూ వివాహ చట్టం ఈ సంబంధాన్ని, మేనరికాన్ని నిషిద్ధ బంధుత్వాల కిందే పెట్టింది, కాకపోతే ఆచారం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. అక్కని చేసుకున్నాక కూడా చాలామంది చిన్నప్పటి పిలుపునే ఉంచుకుని మామయ్యా అనే పిలుస్తారు. వాళ్ల పిల్లల దగ్గరే అసలు ముడి. అక్కకి చెల్లెలున్నట్టయితే, మామ పిల్లలుగా వాళ్లు ఆమెకి బావమరదళ్ల వరస, అక్క పిల్లలుగా కన్నబిడ్డల వరస. ఇక్కడ తల్లివైపు లెక్కే నిలుస్తుంది. ఆ పిల్లలు ఆమెని పిన్నీ అనే పిలుస్తారు.