పాలు ఎప్పుడు విరిగాయి?

శ్రోతలకు నమస్కారం.

మొన్న ఆదివారం పొద్దున్నే అంబర్‌పేట నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "పాలు విరిగిపోయాయే, అర లీటరు. పారబొయ్యాలా, ఏమైనా చేసుకోవచ్చా?" అంది. నేను మొదట అడిగింది ఒకటే. "పొయ్యి మీద విరిగాయా, అంతకు ముందే విరిగి ఉన్నాయా?"

పొయ్యి మీదేనట. శనివారం పొద్దున బూత్‌లో కొని, తేగానే ఫ్రిజ్‌లో పెట్టిన ప్యాకెట్. దాని మీద తేదీ కూడా దాటలేదు. కత్తిరించినప్పుడు లేత పెరుగు వాసన వచ్చిందట. మరుగు పడుతుండగా అంచుల్లో రవ్వలాగా కనిపించి, చూస్తుండగానే ముద్దలు ఒకవైపు, లేత పసుపు నీళ్లు ఒకవైపు అయిపోయాయి.

ఇవి వాడుకోవచ్చు. పాలలో మిగిలిన సూక్ష్మజీవులు పాలచక్కెరను తిని కాస్త పులుపు పుట్టించాయి. ఆ కొద్ది పులుపుకు చల్లటి పాలు విరగవు, వేడి తగిలితే విరుగుతాయి. అందుకే ప్యాకెట్‌లో బాగానే కనిపించి పొయ్యి మీద మోసం చేస్తాయి.

పిన్నికి ఇలా చెప్పాను. విరిగాక ఇంకో రెండు నిమిషాలు మరగనిచ్చి, శుభ్రమైన పలచటి బట్టలో వడకట్టాలి. ముద్ద మీద చల్లటి నీళ్లు పోసి కడిగితే పులుపు పోతుంది. అరగంట వేలాడదీస్తే సుమారు 80 గ్రాముల పనీర్ వస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, అందులో దాన్ని చిదిమి వేస్తే చపాతీలోకి కూర అవుతుంది. చక్కెర, యాలకుల పొడి వేసి దగ్గరపడేదాకా కలిపితే కోవాలాగా ఉంటుంది. వడకట్టినప్పుడు దిగిన లేత పసుపు నీళ్లతో చపాతీ పిండి కలుపుకోవచ్చు. ఏది చేసినా ఆ రోజే తినేయాలి.

ఇప్పుడు రెండో రకం చెప్తాను, ఇది కాస్త జాగ్రత్తగా వినండి. నిరుడు మే నెలలో మా ఇంట్లో రాత్రి తొమ్మిదికి కాచిన పాలు పొయ్యి మీదే మర్చిపోయాం. పొద్దున మూత తీస్తే గిన్నె అడుగున మెత్తటి గడ్డ. పుల్లటి వాసన అసలు లేదు. "వాసన లేదుగా, మళ్లీ మరిగిస్తే సరిపోతుంది" అన్నారు మా అత్తయ్య. నేను పారబోశాను.

పాలు కాచినప్పుడు పులుపు పుట్టించే సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి. కానీ బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు మరిగే వేడిని కూడా తట్టుకుంటాయి. మన ఎండాకాలం రాత్రి వేడికి అవి మొలిచి, పోటీ లేకుండా పెరుగుతాయి. అవి పులుపు రాకుండానే పాలను గడ్డ కట్టించగలవు. అవి వదిలే విషాల్లో ఒకటి ఎంత మరిగించినా పోదు. అది కడుపులో పడితే గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు పట్టుకుంటాయి. అందుకే పుల్లటి వాసన లేకుండా విరిగిన పాలంటేనే నాకు ఎక్కువ భయం.

మరి పెరుగు కూడా రాత్రంతా బయటే ఉంటుంది కదా అని అడుగుతారు. అక్కడ మనం కాచి, గోరువెచ్చగా చేసి, తోడు వేస్తాం. మంచి బ్యాక్టీరియా లక్షల్లో ముందే దిగి, త్వరగా పులుపు తెచ్చి, మిగతా వాటిని పెరగనివ్వదు. బయట వదిలేసిన పాలలో తోడు లేదు, ఏది ముందు పెరిగితే దానిదే రాజ్యం. ఫ్రిజ్ బయట పాలు రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండలు 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటే లెక్క. పొద్దున గేటుకు తగిలించిన సంచిలో ఎనిమిదింటి దాకా ఉండిపోయే ప్యాకెట్‌కూ ఇదే లెక్క.

ప్యాకెట్ ఉబ్బినా, పాలు తీగలా సాగినా, గులాబీ రంగో ఆకుపచ్చ మచ్చలో కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా ఇంకేమీ ఆలోచించకండి, పారబోయండి. రుచి చూసి తేల్చుకోవద్దు. పనీర్ చేశాక చేదుగా తగిలితే అదీ పారేయాల్సిందే, ఫ్రిజ్ చలిలోనూ పెరిగే బ్యాక్టీరియా పని అది. విరగకుండా చిటికెడు వంటసోడా వేసే అలవాటు కొందరికి ఉంది. సోడా పులుపును దాచిపెడుతుంది, అంటే మనకు తెలియాల్సిన గుర్తునే చెరిపేస్తుంది. దయచేసి వేయకండి.

టీలో పచ్చి అల్లం వేసినప్పుడో, వేడి పరమాన్నంలో బెల్లం కలిపినప్పుడో పాలు విరిగితే మాత్రం టెన్షన్ పడనక్కర్లేదు. అది అల్లం, బెల్లం చేసిన పని, పాలు చెడిపోయి కాదు.

పిన్ని పనీర్ కూర వండుకుని సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. "బాగా కుదిరింది, చంటోడికి కాస్త పెట్టనా?" అని. మనవడికి ఇంకా పది నెలలే. వద్దన్నాను. చంటిపిల్లలకు, గర్భిణులకు, ఒంట్లో బాగాలేని పెద్దవాళ్లకు విరిగిన పాలతో చేసినవి పెట్టకండి. వాడికి ఆ పూట వేరే తాజా పాలు తెప్పించి కాచింది.