ఆరుగురికి కుదిరిన ఆదివారం

మిత్రులందరికీ నమస్కారం.

ఈ శిక్షణలో నాకు ఇచ్చిన విషయం చిన్నది. చర్చా కార్యక్రమానికి వక్తల వీలు కనుక్కుని తేదీ ఖాయం చేయడం. విజయవాడలో మేం జరిపిన ఒకే ఒక్క కార్యక్రమం చుట్టూ ఈ విషయం చెబుతాను.

నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. 2024లో ఆ సందర్భంగా ఊరి గ్రంథాలయాల మీద ఒక చర్చ పెట్టాలనుకున్నాం. మొత్తం ఆరుగురు. చర్చ నడిపే తెలుగు లెక్చరర్, రిటైరైన గ్రంథపాలకురాలు, హైదరాబాద్‌లో ఉండే ఒక ప్రచురణకర్త, సొంత ఊళ్లో గ్రంథాలయం నడుపుతున్న బ్యాంకు ఉద్యోగి, పాత పుస్తకాలు స్కాన్ చేయించే న్యూజెర్సీ తెలుగాయన, ముఖ్య అతిథిగా ఒక జిల్లా అధికారి. న్యూజెర్సీ ఆయన ఆన్‌లైన్‌లో, మిగతావాళ్లు హాల్లో.

అంతకు ముందు ఏడాది ఇలాంటి కార్యక్రమానికే వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టి దెబ్బతిన్నాం. అందులో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది. గ్రూపులో పెద్దాయన ముందుగా ఒక శనివారం మీద నొక్కారు. ఆయన తర్వాత ముగ్గురు అదే నొక్కారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి నిజానికి ఆ రోజు కుదరదు. పెద్దాయన మాట కాదనడం బాగుండదని నొక్కి, వారం రోజుల ముందు మాకు విడివిడిగా ఫోన్ చేసి చెప్పారు. వాళ్లది తప్పనను. అందరి ముందు అడగడమే మా పొరపాటు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక తేదీ మీద ఎవరైనా నొక్కలేదంటే ఆ రోజు కుదరదనా, పోలే చూడలేదనా? వాట్సాప్ పోల్ ఆ తేడా చెప్పదు.

అందుకే ఈసారి గూగుల్ ఫారం చేసి ఎవరిది వాళ్లకి విడిగా పంపాం. అందులో Multiple choice grid అనే రకం ప్రశ్న ఉంటుంది. అడ్డ వరుసల్లో తేదీలు, నిలువు వరుసల్లో జవాబులు. జవాబులు మూడు పెట్టాం: ‘వీలవుతుంది’, ‘కష్టమే గానీ చూస్తాను’, ‘కుదరదు’. Require a response in each row అన్నది ఆన్ చేస్తే ఏ తేదీనీ ఖాళీగా వదిలి పంపడానికి వీలుండదు. మధ్యలో ఉన్న ఆ రెండో జవాబు చాలా విలువైనది. ఎందుకో చెబుతాను.

ఫారం పంపింది దసరా అయ్యాక, అక్టోబరు 15న. పండగ ముందు పంపితే ఎవరూ చూడరు. ఐదు తేదీలే ఇచ్చాం: నవంబరు 10, 16, 17, 23, 24. అన్నీ శని, ఆదివారాలే. పదిహేను తేదీలు ఇస్తే మనిషి నాలుగింటిని చూసి మిగతావాటికి ఏదో ఒకటి నొక్కేస్తాడు. జవాబుకు గడువు 19వ తేదీ రాత్రి. గడువు దగ్గరగా ఉండాలి. ఎందుకంటే తేదీ తేలేదాకా వాళ్లు ఆ ఐదు రోజులూ మన కోసం ఆపుకుని కూర్చుంటారు. అలా ఎన్నాళ్లో ఆపుకోరు, ఆపుకోమనడం న్యాయం కూడా కాదు.

అధికారి గారికి ఫారం పంపలేదు. అలాంటివాళ్ల డైరీ వాళ్ల క్యాంపు క్లర్కు, అంటే సీసీ గారి చేతిలో ఉంటుంది. ఆయనకే ఫోన్ చేసి ఐదు తేదీలు చదివాం. జిల్లాలో ఏదైనా జరిగితే సారు రాలేకపోవచ్చని ఆయన ముందే చెప్పారు. సారు రారనే అనుకుని తేదీ చూడాలి. ముఖ్య అతిథి రాకపోయినా చర్చ జరుగుతుంది. ఆయన వీలును బట్టి తేదీ పెట్టి వక్తను పోగొట్టుకుంటే చర్చే ఉండదు.

ఇక జవాబులు. 10, 16, 23 తేదీలకు ఇద్దరేసి కుదరదన్నారు, అవి పోయాయి. మిగిలినవి రెండు ఆదివారాలు. 24న ఐదుగురికి వీలు, ఒక్కరికి కుదరదు. 17న ముగ్గురికి వీలు, ముగ్గురు ‘కష్టమే గానీ చూస్తాను’ అన్నారు.

లెక్క చూస్తే 24 గెలిచింది. మా కమిటీలో సగం మంది అదే ఖాయం చేద్దామన్నారు. కానీ కుదరదన్న ఆ ఒక్కరూ బ్యాంకు ఉద్యోగి. ఆ రోజు వాళ్ల ఊరి గ్రంథాలయ వార్షికోత్సవం, అది మారదు. ఊరి గ్రంథాలయాల మీద చర్చ పెట్టి, ఊళ్లో గ్రంథాలయం నడిపే మనిషి లేకుండా ఏం మాట్లాడతాం? పైగా 24 నాటికి వారోత్సవాలు అయిపోతాయి. ఎవరు లేకపోతే కార్యక్రమం నిలబడదో, ఆ పేర్లు ఫారం పంపకముందే ఒక కాగితం మీద రాసుకోవాలి. జవాబులు వచ్చాక రాసుకుంటే మనకు అనుకూలంగా రాసుకుంటాం.

అందుకని 20వ తేదీ పొద్దున్నే కూర్చుని, 17కి కష్టమన్న ముగ్గురికీ ఫోన్ చేశాం. ఒకటే ప్రశ్న: ‘ఆ రోజు మీకు కష్టం ఏ వేళప్పుడు?’ గ్రంథపాలకురాలు అన్నారు, ‘కార్తీకమాసం కదండీ, మా కాలనీ వాళ్ల వనభోజనాలు. నాలుగింటికి ఇంటికొచ్చేస్తాం.’ లెక్చరర్ గారికి మధ్యాహ్నం ఏలూరులో బంధువుల ఫంక్షన్, ఐదుకల్లా రాగలరు. ప్రచురణకర్తకు సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఉండాలి, రాత్రి పది గంటల ప్రాంతంలో రైలు అందితే చాలు. ముగ్గురి కష్టమూ వేళది గానీ రోజుది కాదు. పదకొండింటికి మొదలుపెడదామనుకున్న చర్చను సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదికి మార్చితే ముగ్గురికీ సరిపోయింది. ‘అవును, కాదు’ అని రెండే జవాబులు పెట్టి ఉంటే ఈ ముగ్గురూ ‘కాదు’ అని నొక్కేవారు, 17 అక్కడితో పోయేది.

ఒక్క విషయం మాత్రం మాకు వెంటనే తట్టలేదు. వేళ మారింది కాబట్టి ఆ రోజు వీలవుతుందన్న ముగ్గురినీ మళ్లీ అడగాలి. వాళ్లు ఒప్పుకున్నది పొద్దుటి కార్యక్రమానికి. బ్యాంకు ఆయన, సీసీ గారు సరేనన్నారు. న్యూజెర్సీ ఆయనైతే సంతోషించారు. ‘పదకొండంటే నాకు అర్ధరాత్రి దాటాక, అయినా సరేనన్నాను. సాయంత్రం ఆరంటే పొద్దున ఎనిమిదిన్నర, హాయి’ అన్నారు. ఫోన్ పెట్టేశాక మా కమిటీలో ఒకమ్మాయికి అనుమానం వచ్చింది. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అక్టోబరులో న్యూజెర్సీకీ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు, ఆ ఆదివారం నుంచి పదిన్నర. 17న మన ఆరు గంటలంటే వాళ్లకు ఏడున్నర. ఆయన ఎనిమిదిన్నరకే లాగిన్ అయి ఉంటే అప్పటికి సగం చర్చ అయిపోయేది. వెంటనే మళ్లీ ఫోన్ చేశాం. ఏడున్నర కూడా ఫరవాలేదన్నారు. అప్పటినుంచి విదేశాల్లో ఉన్నవాళ్లకు పంపే ప్రతి ఫారంలో, ఆ కార్యక్రమం తేదీ నాటికి వాళ్ల గడియారం ఎంత చూపిస్తుందో మేమే లెక్కగట్టి మన టైము పక్కన రాస్తున్నాం.

ఇదంతా నడుస్తున్నప్పుడు హాలు 17, 24 రెండు తేదీలకూ ఆపించాం. మేనేజరు గారు బుధవారం దాకా ఆగుతానన్నారు. కార్తీకంలో అంతకన్నా ఆగమనడం కష్టం. సోమవారం 17 ఖాయం చేసి, 24 వదిలేశామని ఆయనకు ఆ రోజే చెప్పాం.

అదే రోజు ఆరుగురికీ ఒకే సందేశం వెళ్లింది. తేదీ, వారం, వేళ, హాలు, చివర ఇంకో వాక్యం: ‘మిగతా నాలుగు తేదీలూ ఇక మీవే, వేరే పనులు పెట్టుకోవచ్చు.’ గంటలోపే గ్రంథపాలకురాలు ఫోన్ చేసి, 24న అన్నవరం వెళ్దామని ఇంట్లో అడుగుతుంటే మా కబురు కోసమే ఆగానని చెప్పారు.