ఖాళీ వదిలితే మార్కులు కోసే ఆఫీసులకో మాట

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చెప్పబోతే నా టైము అక్కడే అయిపోతుంది, మన్నించండి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుంటున్న మీకు టైపింగ్ స్పీడు గురించి చెప్పమని నన్ను పిలిచారు. స్పీడు సంగతి తర్వాత. ముందు ఒక డాక్టరుగారి డిక్టేషన్ వినండి.

“ఎడమ కాదు కుడి మోకాలి నొప్పి కామా మూడు వారాలుగా ఫుల్‌స్టాప్ వాపు ఉంది కామా ఫ్రాక్చర్ కాదు ఫుల్‌స్టాప్ నెక్స్ట్ పారా పారాసెటమాల్ ఆరువందల యాభై మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు సారీ రెండుసార్లు కామా ఐదు రోజులు ఫుల్‌స్టాప్ ఎడమ మోకాలికి ఎక్స్‌రే ఫుల్‌స్టాప్.”

కామా, ఫుల్‌స్టాప్ మాటలు తీసి గుర్తులు పెట్టడం ఎవరైనా చేస్తారు. చిక్కంతా “కాదు”తోనే. ఇందులో అది రెండుసార్లు వచ్చింది. మొదటిదాని వెనక అదే రకం మాట వచ్చింది: ఎడమ పోయి కుడి. అంటే అది దిద్దుబాటు, పాత మాటను కొట్టేయాలి. రెండోదాని వెనక వచ్చింది ఫుల్‌స్టాప్. అక్కడ డాక్టరుగారు దిద్దుకోవడం లేదు, ఎముక విరగలేదని చెబుతున్నారు. దాన్నీ దిద్దుబాటు అనుకుని తీసేస్తే విరగని ఎముక నోట్‌లో విరుగుతుంది!

“సారీ” దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. కొందరు దానికి ముందున్న వాక్యమంతా కొట్టేస్తారు. మారింది ఒక్క “మూడుసార్లు”. మందు పేరు, 650 మి.గ్రా. అలాగే ఉండాలి. ఇలా వస్తుంది:

కుడి మోకాలి నొప్పి, మూడు వారాలుగా. వాపు ఉంది, ఫ్రాక్చర్ కాదు.

పారాసెటమాల్ 650 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు.

మరి ఎక్స్‌రే? పైన కుడి అని దిద్దుకున్న మనిషే కింద ఎడమ అన్నారు. నోరు జారిందా, పోల్చి చూడటానికి రెండో కాలు కూడా తీయమన్నారా? మనకు తెలియదు. వెనక బెంచీలో ఎవరో “కుడి” అంటున్నారు. బాబూ, నువ్వు డాక్టరువా?

నా బాధంతా ఇక్కడే. నేను పనిచేసిన ఒక చోట లైనుకు ఇంత అని డబ్బులు, 65 అక్షరాలు ఒక లైను. నోట్‌లో తేలనిచోట ఖాళీ వదిలితే మార్కులు కోసేవారు. ఊహించి రాస్తే, అది తప్పని ఎవరూ పట్టుకోకపోతే, పూర్తి మార్కులు. ఇక ఖాళీ ఎవడు వదులుతాడండీ? వేదిక మీద ఆఫీసులు నడిపేవాళ్లున్నారు, వాళ్లనే అడుగుతున్నాను: ఆ కోత తీసేయండి. ఊహించి రాసినదానికి కోయండి.

మీరు మాత్రం డిక్టేషన్ చివరిదాకా విన్నాకే టైపు మొదలుపెట్టండి. దిద్దుబాటు ఆఖరి వాక్యంలోనూ రావచ్చు. తేలనిచోట ఇలా రాసి పంపండి: “____ మోకాలికి ఎక్స్‌రే. (ఆడియో చివర ‘ఎడమ’ అని ఉంది, పైన ‘కుడి’ అని సవరించారు. ఏది ఉంచాలి?)”

స్పీడు గురించి వచ్చేవారం ఇంకొకరు చెబుతారట.