ఒకే ఎల్ఆర్, రెండు బిల్లులు

అందరికీ నమస్కారం. ఇక్కడున్నది ఎక్కువగా అకౌంట్స్, డిస్పాచ్ వాళ్లే కాబట్టి నేరుగా ఒక ట్రాన్స్‌పోర్ట్ బిల్లులోకి వెళ్దాం. అంకెలు లెక్క తేలిగ్గా ఉండేలా నేను వేసుకున్నవే.

హైదరాబాద్ నుంచి విజయవాడకు పార్ట్ లోడ్‌లో 12 అట్టపెట్టెలు పంపాం. అసలు తూకం 280 కిలోలు. ఒక్కో పెట్టె 60, 45, 40 సెంటీమీటర్లు. ఒప్పందం ప్రకారం ఆ మూడింటినీ గుణించి 27,000తో భాగిస్తే పెట్టెకు 4 ఘనపుటడుగులు, మొత్తం 48. ఘనపుటడుగుకు 8 కిలోల చొప్పున 384 కిలోలు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ కాబట్టి 384 సరైనదే. చాలామంది ఇక్కడే ఆపేసి టిక్కు పెడతారు.

రేటు చూడండి. 300 కిలోల వరకు కిలోకు 11 రూపాయలు, దాటితే 9. బిల్లులో 11 పడింది. అంటే స్లాబును 280 కిలోల మీద చూశారు, డబ్బు 384 కిలోల మీద లెక్కగట్టారు. రావాల్సింది 3,456, వేసింది 4,224. తేడా 768 రూపాయలు. ఫ్యూయల్ సర్‌ఛార్జ్ 15 శాతం దీని మీదే కాబట్టి ఇంకో 115 రూపాయల 20 పైసలు కలిశాయి. బరువు ఏ లెక్కన తీసుకున్నారో స్లాబూ అదే లెక్కన రావాలి. ఒప్పందంలో ఈ వాక్యం లేకపోతే రాయించుకోండి, లేదంటే వాదన తెగదు.

సర్‌ఛార్జీలు మనిషి కన్నుతోనే చూడాలి. మారుమూల డెలివరీ ఛార్జీ పడితే ఆ పిన్‌కోడ్ ఒప్పందం జాబితాలో ఉందా? ‘హ్యాండ్లింగ్’ అని వేస్తే ఆ పేరు రేటు షీటులో ఉందా? లేకపోతే ఎవరు ఒప్పుకున్నారో మెయిల్ చూపించమనండి. మన డిస్పాచ్ అబ్బాయి ఫోన్‌లో ‘సరే’ అనేసి ఉండొచ్చు, అది కూడా కనుక్కోవాలి.

డూప్లికేట్ బిల్లును సాఫ్ట్‌వేర్ ఆపుతుందని నమ్మకండి. అది సాధారణంగా బిల్లు నంబరునే పోలుస్తుంది. అదే లారీ రసీదు, అంటే ఎల్ఆర్, వచ్చే నెల కొత్త బిల్లు నంబరుతో, మధ్యలో ఒక గీతో చివర ఒక అక్షరమో చేరి వస్తే దాటిపోతుంది. గీతలు, ఖాళీలు తీసేసి ఎల్ఆర్ నంబరు, పంపిన తేదీ, పిన్‌కోడ్ మూడూ కలిపి పాత బిల్లులతో పోల్చండి. దొరికినవన్నీ తప్పులు కావు. సరుకు తిరిగొచ్చి మళ్లీ డెలివరీకి వెళ్తే అదే ఎల్ఆర్‌తో రెండో ఛార్జీ న్యాయంగానే రావచ్చు. డెలివరీ రసీదు తెప్పించి చూశాకే కొట్టేయండి.

తప్పు తేలితే మొత్తం బిల్లు ఆపొద్దు. ఒప్పుకున్నంత కట్టి, మిగతాదానికి ఎల్ఆర్ వారీగా డెబిట్ నోట్ పంపండి. అభ్యంతరానికి ఒప్పందంలో గడువు ఉంటుంది, అది దాటితే మన లెక్క ఎంత సరైనదైనా ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు వినక్కర్లేదు.