టీషర్టు ఫోటోకు కోటు: అసలు పని మెడ దగ్గరే

[తెర మీద: కిటికీ పక్కన తీసిన ఫోటో. ఒక యువకుడు, గుండ్రటి మెడ టీషర్టు, సన్నని చిరునవ్వు.]

ఈ ఫోటోలో ముఖం ఎంతో సహజంగా వచ్చింది. ఉద్యోగ ప్రొఫైల్‌లో పెట్టడానికి టీషర్టు ఒక్కటే అడ్డు. దాని స్థానంలో కోటు తొడుగుదాం. నేను ఫోటోషాప్‌లో చేసి చూపిస్తాను. లేయర్లు, మాస్కులు ఉన్న ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పద్ధతి ఇదే.

కోటు తొడుక్కుని మళ్లీ ఫోటో తీయించుకోవచ్చు కదా అనిపించవచ్చు. వీలుంటే అదే మేలు. ఈ నవ్వు మళ్లీ రాదనుకున్నప్పుడే ఈ శ్రమ.

ముందు ముఖాన్ని చూడండి. తెరకు ఎడమవైపున్న చెంప వెలుగుతోంది, కుడివైపు దవడ కింద నీడ ఉంది. కోటుకూ తెరకు ఎడమవైపున్న భుజమే వెలగాలి.

[తెర మీద: కుడివైపు నుంచి వెలుగు పడిన కోటు. దాన్ని అద్దంలోలా తిప్పుతాం.]

వెలుగు కలవకపోతే చాలామంది కోటును ఇలా తిప్పేస్తారు. ఛాతీ జేబు ఎక్కడికి వెళ్లిందో గమనించారా? మగవాళ్ల కోటుకు జేబు తొడుక్కున్నవారి ఎడమవైపు ఉంటుంది, ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తుంది. తిప్పగానే రెండూ తారుమారయ్యాయి. కోట్లు తెలిసినవారు దీన్ని ఇట్టే పట్టేస్తారు. కాబట్టి సరైన వైపు వెలుగున్న మరో కోటు ఫోటో వెతకండి. లోపల చొక్కా కూడా ఉన్నదైతే ఇంకా మంచిది, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

[తెర మీద: కొత్త కోటును ముఖం ఉన్న ఫోటో మీద ఉంచుతాం.]

Ctrl+T నొక్కి కొలత సరిచేద్దాం. భుజాలను చూసి కొలత పెట్టకండి, మెడను చూసి పెట్టండి. మెడకు, కాలర్‌కు మధ్య వేలు పట్టేంత సందు ఉంటే చొక్కా సరిపోయినట్టు కనిపిస్తుంది. ఆ తరువాత భుజాలు చూడండి. వాటి వెడల్పు తల వెడల్పుకు రెండున్నర నుంచి మూడు రెట్లు రావాలి. అంతకన్నా తగ్గితే చిన్న ఒంటి మీద పెద్ద తల పెట్టినట్టుంటుంది. భుజాలు మాత్రమే కొద్దిగా జరపాలంటే Warp వాడండి.

ఇక మెడ. కోటు ఎంత బాగున్నా అతికించినట్టు కనిపించేది ఇక్కడే. కాలర్ మెడ చుట్టూ తిరిగే గుడ్డ. దాని ముందు భాగం మెడకు ముందు, వెనుక పట్టీ మెడకు వెనుక ఉండాలి. మనం పెట్టినది మొత్తం ముందే ఉంది.

[తెర మీద: మెడ భాగం బాగా దగ్గరగా.]

కోటు లేయర్‌కు మాస్క్ వేసి, మెత్తని అంచున్న నల్లని బ్రష్‌తో మెడ మీద పడ్డ వెనుక పట్టీని చెరిపేస్తున్నాను. ఇప్పుడు మెడ కాలర్‌లోంచి పైకి లేచింది. టీషర్టు గుండ్రటి అంచు చొక్కా కాలర్ కింద దాగిపోయింది. లోపల చొక్కా ఉండాలన్నది ఇందుకే. ఎక్కడైనా పాత గుడ్డ తొంగిచూస్తే, పక్కనున్న చర్మాన్ని క్లోన్ స్టాంప్‌తో దాని మీదికి తేవాలి. భుజాల పక్కన మిగిలిన టీషర్టును నేపథ్యంతో కప్పేయాలి.

అయినా కాలర్ కాగితంలా ఉంది. గడ్డం నీడ మెడ మీద పడి, కాలర్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతోంది. కోటు పైన కొత్త లేయర్ తీసుకుని, దాన్ని కోటుకే పరిమితమయ్యేలా క్లిప్ చేసి, Multiply పెట్టండి. నీడకు నలుపు వద్దు. మెడ మీద నీడలో ఉన్న గోధుమ రంగునే తీసుకుని, 15 శాతం బలంతో రెండు మూడు సార్లు కాలర్ మీద పూయండి. తరువాత కోటు లేయర్ కింద మరో Multiply లేయర్ తీసుకుని, కాలర్ అంచు వెంట మెడ మీద సన్నని నీడ గీత గీయండి. చూడండి, గుడ్డ చర్మాన్ని తాకింది!

[తెర మీద: నీడకు ముందు, తరువాత.]

రంగును తెల్ల చొక్కా పట్టిస్తుంది. ముఖం వెచ్చని వెలుగులో ఉండి, చొక్కా నీలంగా మెరిస్తే రెండూ వేర్వేరు గదుల్లో ఉన్నట్టే. కోటు మీద Curves పెట్టి నీలాన్ని కాస్త దించండి. ఫోటోను 100 శాతానికి పెంచి చూసినప్పుడు ముఖం మీద సన్నని గరుకుదనం ఉండి కోటు నున్నగా ఉంటే, Add Noise తో ఒకటి రెండు శాతం కలపండి.

జుట్టు భుజాల మీద పడుతున్నా, తల పక్కకు తిరిగి ఉన్నా ఈ పద్ధతి కష్టం. తల తిరిగిన వైపే తిరిగిన కోటు దొరకాలి. పాస్‌పోర్టు, వీసా ఫోటోలకు మాత్రం ఇలా మార్చినది వాడవద్దు, తిరస్కరించే ప్రమాదం ఉంది.

[తెర మీద: పూర్తయిన ఫోటో, ప్రొఫైల్ వృత్తం పరిమాణానికి తగ్గిపోతుంది.]

ఇంత చిన్నగా చేసి ఒకసారి చూడండి. చూపు ముందు కాలర్ మీదికి పోతే తెలుపు ఎక్కువైంది, కోటు Curves లో వెలుగును కొంచెం దించండి. కళ్ల మీదికి పోతే ఫైలు భద్రపరచండి.